కోకాఎథిలీన్: లివర్‌లో తయారయ్యే మూడో డ్రగ్

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం వినగానే కెమిస్ట్రీ పీరియడ్ గుర్తొచ్చి కొందరికి నీరసం వచ్చి ఉంటుంది. కొంచెం కెమిస్ట్రీ తప్పదు కానీ ఎక్కువసేపు కాదు. అది దాటితే మిగతాదంతా గుండె గురించే.

కొకైన్ వాడేవాళ్లలో చాలామంది అదే పూట మద్యం కూడా తాగుతారు. ఎందుకని అడిగితే వాళ్లు చెప్పే కారణం సూటిగానే ఉంటుంది. మద్యం ఎక్కువైతే వచ్చే తూలుడు, మగత కొకైన్‌తో తగ్గినట్టు ఉంటాయట. కొకైన్ తెచ్చే టెన్షన్, నిలకడలేనితనం మద్యంతో నెమ్మదిస్తాయట. ఒకటి పైకి లాగుతుంది, ఇంకోటి కిందికి లాగుతుంది, మొత్తానికి సరిపోతుంది అని లెక్క. వాళ్లకి అనిపించేది అబద్ధం అని నేను అనను. వాలంటీర్లకు రెండూ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో కూడా, మద్యం ఒక్కటే తీసుకున్నప్పటికంటే మత్తు తక్కువగా, హుషారు ఎక్కువగా ఉందనే వాళ్లు చెప్పారు. అదే ప్రయోగాల్లో వాళ్ల గుండె వేగం మాత్రం కొకైన్ ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఇంకా పైకి వెళ్లింది. మనసుకు సర్దుకున్నట్టు ఉన్న సమయంలోనే గుండె మీద భారం పెరిగిందన్నమాట. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం.

కొకైన్ అణువులో రెండు ఎస్టర్ బంధాలు ఉంటాయి. శరీరం కొకైన్‌ను వదిలించుకోవడం అంటే ప్రధానంగా ఈ బంధాలను తెంచడమే. ఒక బంధాన్ని రక్తంలోనూ, లివర్‌లోనూ ఉండే కొన్ని ఎంజైమ్‌లు తెంచుతాయి. మనకు ఈరోజు కావలసింది రెండోది, మిథైల్ వైపు ఉన్న బంధం. దీన్ని తెంచేది లివర్‌లో ఉండే కార్బాక్సిలెస్టరేజ్-1 అనే ఎంజైమ్.

ఆ ఎంజైమ్ పని రెండు దశల్లో జరుగుతుంది. ముందు కొకైన్ అణువును తనకు తగిలించుకుని మిథైల్ భాగాన్ని మిథనాల్ రూపంలో బయటికి వదిలేస్తుంది. ఇప్పుడు మిగతా అణువు ఎంజైమ్‌కు అతుక్కుని ఉంది. రెండో దశలో ఒక నీటి అణువు వచ్చి దాన్ని విడిపిస్తుంది. విడిపోయినదాని పేరు బెంజాయిల్‌ఎక్గోనిన్. ఇది మత్తు ఇవ్వదు, మూత్రంలో పోతుంది. మూత్ర పరీక్షలో కొకైన్ వాడినట్టు బయటపడేది దీనివల్లే.

అదే సమయంలో రక్తంలో మద్యం ఉందనుకోండి. మద్యంలో ఉండేది ఎథనాల్. రెండో దశలో నీరు రావలసిన చోటికి ఎథనాల్ అణువు వచ్చేస్తుంది. ఎంజైమ్‌కు అభ్యంతరం ఏమీ లేదు, దాన్నీ ఒప్పుకుంటుంది. అప్పుడు విడిపోయి బయటికొచ్చేది పనికిరాని వ్యర్థం కాదు. మిథైల్ పోయిన చోట ఎథైల్ చేరిన కొత్త అణువు, దాదాపు కొకైన్ లాంటిదే. అదే కోకాఎథిలీన్. కొకైన్‌కూ దీనికీ తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, అంతే. శరీరం ఒక డ్రగ్‌ను నిర్వీర్యం చేయబోయి ఇంకో డ్రగ్‌ను తయారుచేసి రక్తంలోకి పంపుతోంది.

మిథనాల్ అనే మాట విని మీలో కొందరు ఉలిక్కిపడ్డారు, చూశాను. ఆ భయం అక్కర్లేదు. 100 మిల్లీగ్రాముల కొకైన్ మొత్తం ఈ దారిలోనే పోయినా వచ్చే మిథనాల్ 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. కళ్లు పోగొట్టే పరిమాణానికి అది ఎంతో దూరం. మద్యం లేకపోయినా ఆ మిథనాల్ వస్తూనే ఉంటుంది.

కొకైన్‌లో ఎంత భాగం ఇలా మారుతుంది? వాలంటీర్లకు మద్యం తాగించి, కొకైన్‌ను నరంలోకి ఎక్కించి కొలిచిన ఒక అధ్యయనంలో సగటున 17 శాతం కోకాఎథిలీన్‌గా మారింది. మనిషికీ మనిషికీ ఈ శాతం చాలా మారుతుంది. 17 శాతమేగా అని తీసిపారేయకండి, ఎందుకంటే ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఎథనాల్ ఆ ఎంజైమ్ దగ్గర జోక్యం చేసుకోవడం వల్ల కొకైన్ విరిగిపోయే వేగం కూడా తగ్గుతుంది. అంటే కొత్త డ్రగ్ పుట్టడమే కాదు, పాతది కూడా రక్తంలో ఎక్కువ మోతాదులో మిగులుతుంది. రెండు నష్టాలూ ఒకేచోట జరుగుతున్నాయి.

ఈ పదార్థం మూత్రంలో ఉన్నట్టు 1970ల చివర్లోనే గుర్తించారు. దాని మీద పెద్దగా దృష్టి పడింది మాత్రం 1990 తర్వాతే. అమెరికాలోని మయామీలో కొకైన్, మద్యం కలిపి తీసుకుని చనిపోయినవాళ్ల రక్తంలో, లివర్‌లో, మెదడులో దీన్ని వెతికి పట్టుకున్నారు. 1991లో ఆ పరిశోధనలు అచ్చయ్యాక వైద్యులు ఇది లివర్‌లో జరిగే వింత కాదు, మెదడుకూ గుండెకూ చేరే డ్రగ్ అని లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు.

ఇక సమయం సంగతి. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అర్థం చేసుకోవలసింది ఇదే. కొకైన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఒక గంట పడుతుంది. కోకాఎథిలీన్ సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. కొకైన్ ఇచ్చే హుషారు అంతకన్నా త్వరగా, తరచూ గంటలోపే దిగిపోతుంది. అందుకే వాడేవాళ్లు మళ్లీ మళ్లీ తీసుకుంటారు. హుషారు దిగిందా లేదా అన్నదే వాళ్లకు గడియారం. కోకాఎథిలీన్‌కు అది సరైన గడియారం కాదు.

ఒక ఉదాహరణ కడదాం. ఇది ఏ ఒక్క మనిషి కథా కాదు, తరచూ కనబడే తీరును నేను ఒకచోట అల్లుతున్నాను. వయసు 34, పురుషుడు, గుండెజబ్బు ఉన్నట్టు తెలియదు, సిగరెట్ తాగుతాడు. రాత్రి 8 గంటలకు మద్యం మొదలుపెట్టాడు. 10, 11, 12, 1 గంటలకు ఒక్కోసారి చొప్పున నాలుగుసార్లు ఒకే మోతాదులో కొకైన్ పీల్చాడు. ఒక మోతాదు రక్తంలో చేరగానే ఉండే కొకైన్‌ను 1 అనుకుందాం. దానివల్ల పుట్టే కోకాఎథిలీన్‌ను విడిగా, దాని కొలతలో 1 అనుకుందాం. ప్రతి గంటకూ కొకైన్ సగమవుతుంది, కోకాఎథిలీన్ 0.7 వంతుకు తగ్గుతుంది. ఒంటిగంటకు నాలుగో మోతాదు పడగానే కొకైన్ 1 కలిపి సగం కలిపి పావు కలిపి అరపావు, అంటే సుమారు 1.9. కోకాఎథిలీన్ అదే లెక్కన సుమారు 2.6. అంటే ప్రతిసారీ అదే మోతాదు తీసుకుంటున్నా, కోకాఎథిలీన్ పేరుకోవడం ఎక్కువ.

అతను ఒంటిగంట తర్వాత ఇంకేమీ తీసుకోలేదు. ఇంటికి పోయాడు, పడుకున్నాడు, నిద్ర సరిగా పట్టలేదు. ఉదయం 5 గంటలకు ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు నొప్పి, చెమట. ఆ సమయానికి రక్తంలో ఏముంది? కొకైన్ 1.9లో పదహారో వంతు, అంటే 0.12. ఒక మోతాదులో ఎనిమిదో వంతు. కోకాఎథిలీన్ మాత్రం 2.6లో నాలుగో వంతు, 0.64. ఒక మోతాదులో మూడింట రెండు వంతులు దాదాపుగా ఇంకా ఉంది. అసలు మనిషిలో ఈ లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. కోకాఎథిలీన్ ఒక్కసారిగా పుట్టదు, నెమ్మదిగా పుడుతూ ఉంటుంది. మద్యం వల్ల కొకైన్ కూడా కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. అయినా దిశ అదే. "రాత్రి ఎప్పుడో తీసుకున్నాను, అది ఎప్పుడో దిగిపోయింది" అని అతను నమ్మకంగా అంటున్నప్పుడు, గుండె ముందు ఇంకా ఒక డ్రగ్ ఉంది.

ఆ డ్రగ్ గుండెను ఏం చేస్తుంది? ముందు కొకైన్ చేసేది చెబుతాను, ఎందుకంటే దీని పని చాలావరకు దాని పనికి కొనసాగింపే. నరాల చివరల నుంచి విడుదలైన నార్‌అడ్రినలిన్‌ను నరం మళ్లీ వెనక్కి పీల్చుకోవాలి. కొకైన్ ఆ దారిని మూసేస్తుంది. నార్‌అడ్రినలిన్ బయటే ఉండిపోతుంది. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, ప్రతి కొట్టుకోవడమూ గట్టిగా ఉంటుంది. అంటే గుండె కండరానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. సరిగ్గా అదే నార్‌అడ్రినలిన్ గుండెకు రక్తం తెచ్చే కరోనరీ ధమనులను బిగిస్తుంది. కావలసింది పెరిగింది, వచ్చేది తగ్గింది. దీనికి తోడు ప్లేట్‌లెట్లు సులువుగా ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టడం పెరుగుతుంది. కొకైన్ తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ముప్పు సుమారు 24 రెట్లు పెరుగుతుందని 1999లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం లెక్కగట్టింది. అది కొకైన్ సంగతి. మద్యం చేరితే గుండె వేగం ఇంకా పెరిగి, అవసరం వైపు బరువు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. డల్లాస్‌లో 1990లలో యాంజియోగ్రామ్ గదిలోనే వాలంటీర్ రోగులకు కొకైన్, మద్యం విడివిడిగానూ కలిపీ ఇచ్చి కరోనరీ ధమనులను కొలిచారు. కలిపి ఇచ్చినప్పుడు గుండె పని బాగా పెరిగింది. కానీ ధమనులు ఇంకా ఎక్కువ బిగుసుకుంటాయని అనుకున్నవాళ్లకు భిన్నమైన ఫలితం వచ్చింది: మద్యం ప్రభావంతో ధమనులు కొంత వెడల్పయ్యాయి. అందుకని "రెండూ కలిస్తే ధమనులు ఇంకా బిగుసుకుంటాయి" అని ఎవరైనా సులువుగా చెబితే నేను ఒప్పుకోను. అక్కడ ఇచ్చిన మోతాదులు చిన్నవి, చూసింది కొద్దిసేపే. ఒక రాత్రంతా సాగే వాడకాన్ని అది చెప్పలేదు. అయినా గుండె మీద భారానికి అసలు ఆధారం వేరే చోట వెతకాలని అది సూచిస్తుంది.

ఆ వేరే చోటు గుండె విద్యుత్తు. గుండె కండరంలోని ప్రతి కణం గోడలో సోడియం లోపలికి దూసుకువచ్చే ద్వారాలు ఉంటాయి. వాటిని సోడియం చానెళ్లు అంటాం. అవి ఒక్కసారిగా తెరుచుకోవడం వల్లే విద్యుత్ సంకేతం గుండె అంతటా క్షణాల్లో పాకుతుంది. కొకైన్ వీటికి అడ్డుపడుతుంది. ఒకప్పుడు కంటి ఆపరేషన్లలో కొకైన్‌ను మొద్దుబార్చడానికి వాడింది కూడా ఇదే గుణం వల్ల, అక్కడ నరంలోని చానెళ్లు మూసుకుపోతాయి. ప్రయోగశాలలో గుండె కణాల మీద పోల్చి చూస్తే కోకాఎథిలీన్ ఈ చానెళ్లను కొకైన్ కంటే బలంగా అడ్డుకుంది. చానెళ్లు మూసుకుపోతే సంకేతం నెమ్మదిస్తుంది. ఈసీజీలో క్యూఆర్‌ఎస్ అనే భాగం వెడల్పవుతుంది. వెడల్పయ్యేకొద్దీ జఠరికల్లో లయ చెడి గుండె వృథాగా కొట్టుకునే ప్రమాదం పెరుగుతుంది. కొట్టుకునే బలం కూడా తగ్గుతుంది. మత్తులో ఉంచిన కుక్కలకు కోకాఎథిలీన్ ఇచ్చినప్పుడు మోతాదు పెరిగేకొద్దీ గుండె పంపు చేసే బలం పడిపోయింది. పొటాషియం చానెళ్లను కూడా ఇది అడ్డుకుంటుంది, దాంతో ఈసీజీలో క్యూటీ అనే దూరం పెరుగుతుంది. దాని గురించి ఇంతకంటే లోతుకు వెళ్లను.

అంటే గుండె ఒకవైపు నార్‌అడ్రినలిన్ వల్ల వేగంగా పరుగెత్తాలి, మరోవైపు చానెళ్లు మూసుకుపోయి బలంగా, క్రమంగా కొట్టుకోలేకపోతుంది. నొప్పి లేని మనిషికి కూడా ఇది జరగొచ్చు. గుండెజబ్బు లేని కుర్రవాడికీ జరగొచ్చు.

మన ఉదాహరణలోని మనిషిని ఎమర్జెన్సీకి తెచ్చారు. నాడి 118, బీపీ 168/104, ఒళ్లు కొంచెం వేడిగా ఉంది, మనిషి కంగారుగా ఉన్నాడు. ఈసీజీలో క్యూఆర్‌ఎస్ 124 మిల్లీసెకన్లు, మామూలుగా అది 100 లోపు ఉంటుంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ కోసం చేసిన మొదటి పరీక్ష నార్మల్. ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నొప్పి మొదలై గంటే అయితే ట్రోపోనిన్ ఇంకా పెరగకపోవచ్చు, అందుకని మళ్లీ తీయాలి. మూడు గంటల తర్వాత తీస్తే పెరిగింది. మూత్రంలో కొకైన్ కోసం తీసే మామూలు పరీక్ష బెంజాయిల్‌ఎక్గోనిన్‌ను మాత్రమే చూపిస్తుంది. కోకాఎథిలీన్‌ను తేల్చాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటి పెద్ద పరికరం ఉన్న ల్యాబ్ కావాలి. ఆ ఫలితం కోసం ఎవరూ ఆగరు. కాబట్టి ఏం తీసుకున్నాడు, ఎప్పుడు తీసుకున్నాడు, దానితో మద్యం ఉందా అనేది రోగి గానీ, వెంట వచ్చినవాళ్లు గానీ చెప్పిందే వైద్యుడికి ఆధారం.

చికిత్సలో మొదటిది, చాలామందికి ఆశ్చర్యం కలిగించేది, గుండె మందు కాదు. డయాజెపామ్, లోరాజెపామ్ లాంటి బెంజోడయాజెపిన్లు. మెదడు నుంచి వచ్చే ఉద్రేకం తగ్గితే నాడి, బీపీ రెండూ దిగుతాయి. మద్యం కడుపులో ఉన్నప్పుడు ఇవి ఊపిరిని మందగింపజేయగలవు కాబట్టి కొద్దికొద్దిగా ఇస్తూ కనిపెట్టుకుని ఉండాలి. తర్వాత ఆస్పిరిన్, ధమనుల కోసం నైట్రోగ్లిసరిన్. బీపీ ఎక్కువుంది కదా అని వెంటనే బీటా బ్లాకర్ ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. రక్తనాళాలను వదులు చేసే బీటా గ్రాహకాలు మూసుకుంటే నార్‌అడ్రినలిన్ వాటిని ఇంకా గట్టిగా బిగించే అవకాశం ఉందన్నది అలా వెనకాడటానికి కారణం. దీనిమీద వాదన ఇంకా ఉంది, కానీ మొదటి గంటల్లో జాగ్రత్తే మేలని నేను అనుకుంటాను. క్యూఆర్‌ఎస్ వెడల్పయితే నరంలోకి సోడియం బైకార్బొనేట్ ఇస్తారు. చానెళ్ల మీది అడ్డు దానితో కొంత సడలుతుంది, ఈసీజీ సన్నబడడం మన కళ్ల ముందే కనిపిస్తుంది. ఈసీజీలో ఎస్‌టీ భాగం లేస్తే దాన్ని గుండెపోటుగానే భావించి యాంజియోగ్రామ్‌కు పంపాలి. "కొకైన్ వల్ల బిగుసుకుందిలే, దిగిపోతుంది" అనుకుంటే లోపల గడ్డ ఉండిపోవచ్చు.

కొకైన్ తర్వాత ఛాతీ నొప్పితో వచ్చి, ఈసీజీ, ట్రోపోనిన్ బాగానే ఉన్నవాళ్లను 9 నుంచి 12 గంటలు పరిశీలనలో ఉంచి పంపడం సురక్షితమని అధ్యయనాలు చెబుతాయి. మద్యం కూడా ఉందని తెలిస్తే నేను ఆ గడువులో ఎక్కువ వైపు చూస్తాను.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(సభలో నుంచి ప్రశ్న: బీరైతే తక్కువ, విస్కీ అయితే ఎక్కువ తయారవుతుందా అండీ?)

ఎంజైమ్‌కు బీరూ తెలియదు, విస్కీ తెలియదు. దాని ముందుకు వచ్చేది ఎథనాల్. రక్తంలో ఎంత ఎథనాల్ ఉందనేదే లెక్క. రెండు రకాల సీసాల్లోంచి ఒకే పరిమాణం ఎథనాల్ తాగితే తేడా పెద్దగా ఉండదు. ఇదే ఎంజైమ్ వల్ల ఇంకో చిన్న ఉదాహరణ కూడా ఉంది. ఏకాగ్రత లోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు తీసుకున్నవాళ్లు మద్యం తాగితే అది కొంతమేర ఎథైల్‌ఫెనిడేట్ అవుతుంది. అదే అదలాబదలి.

(మరో ప్రశ్న: రెండింటి మధ్యా గ్యాప్ ఇస్తే ఇది తయారవదు కదా? ఎంత గ్యాప్?)

గ్యాప్ లెక్కలు నన్ను చాలామంది అడుగుతారు. మద్యం ముందు, కొకైన్ తర్వాత అయితే కోకాఎథిలీన్ ఎక్కువ తయారవుతుంది. కొకైన్ ముందు, మద్యం తర్వాత అయితే తక్కువ, ఎందుకంటే అప్పటికే కొంత కొకైన్ విరిగిపోయి ఉంటుంది. కానీ తక్కువ అంటే సున్నా కాదు, కొకైన్ ఒక్కటే చేసే కీడు ఎలాగూ ఉంది. మద్యం పోయే తీరు కూడా కొకైన్‌లా సగం సగం తగ్గడం కాదు. లివర్ దాన్ని గంటకు దాదాపు ఒకే పరిమాణంలో, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తీసేస్తుంది. రాత్రి 2 గంటలకు 120 ఉందనుకోండి. గంటకు 16 చొప్పున ఉదయం 7 గంటలకు ఇంకా 40 ఉంటుంది. ఆ సమయంలో తీసుకున్న కొకైన్‌లో కూడా కొంత భాగం కోకాఎథిలీన్ అవుతుంది. ఛాతీ నొప్పితో, గుండెదడతో, స్పృహ తప్పి ఎమర్జెన్సీకి వచ్చినప్పుడు కొకైన్ ఎప్పుడు తీసుకున్నారని అడిగినట్టే చివరి గ్లాసు ఎప్పుడు తాగారని కూడా మేము అడిగేది ఈ లెక్క కోసమే.